పైన సున్నా, కింద ఆరు

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. దారం చివర రాయి కట్టి నిలువుగా గుండ్రంగా తిప్పుతున్నారు. రాయి అడుగున ఉన్నప్పుడు దారంలో ఉండే తన్యతకూ, పైన ఉన్నప్పుడు ఉండే తన్యతకూ తేడా ఎంత? జవాబు 6mg, అంటే రాయి బరువుకు ఆరు రెట్లు. ఎంట్రన్స్ పరీక్షకు కోచింగ్ తీసుకున్న పిల్లలైతే ప్రశ్న పూర్తిగా చదవకముందే సరైన ఆప్షన్ పెట్టేస్తారు. తిప్పే వేగం ఎంతైనా, దారం మూరెడైనా బారెడైనా ఆ తేడా ఆరు రెట్లే.

ఇదంతా కంఠస్థం చేసినవాళ్లను కూడా ఒక చిన్న ప్రశ్న ఇబ్బంది పెడుతుంది. ఆరే ఎందుకు? నాలుగో, ఎనిమిదో ఎందుకు కాదు? సూత్రాలు రాసి తీసేస్తే ఆరు వస్తుంది, నిజమే. కానీ ఆ ఆరులో రెండు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే ఆ లెక్క ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో కూడా తెలుస్తుంది.

రాయికి బదులు నీళ్ల చెంబు తీసుకుందాం. చెంబూ నీళ్లూ కలిపి కిలో బరువు. చేతి నుంచి చెంబు మధ్యకు తాడు పొడవు సరిగ్గా మీటరు. చెంబును కదలకుండా వేలాడదీసి తాడు మధ్యలో స్ప్రింగ్ కాటా పెడితే ముల్లు కిలో దగ్గర ఆగుతుంది. ఆ కాటా చూపించేదే తన్యత, మామూలు మాటల్లో తాడు బిగువు. భౌతికశాస్త్రంలో బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు, కిలో బరువంటే 9.8 న్యూటన్లు. మనకు ఇక్కడ కిలోలే సులువు. ‘ఆరు కిలోల బిగువు’ అంటే ఆరు కిలోల సంచి వేలాడదీస్తే తాడు మీద ఎంత లాగుడు పడుతుందో అంత అని అనుకుంటే చాలు.

ఇప్పుడు చెంబును తిప్పడం మొదలుపెడదాం. కదిలే వస్తువు తనంతట తాను మలుపు తిరగదు. వదిలేస్తే తిన్నగా పోతుంది. దాన్ని క్షణక్షణం వంచుతూ గుండ్రంగా నడిపించాలంటే వృత్తం మధ్యకు, అంటే మన చేతి వైపుకు ఒక లాగుడు ఉండాలి. ఎంత ఉండాలో చెప్పేది mv²/r. ఇందులో m వస్తువు ద్రవ్యరాశి, v వేగం, r తాడు పొడవు. వేగం రెట్టింపైతే కావలసిన లాగుడు నాలుగింతలవుతుంది. అదే వేగానికి తాడు పొడవు రెట్టింపు చేస్తే లాగుడు సగం సరిపోతుంది, ఎందుకంటే పెద్ద వృత్తంలో వంపు మెల్లగా ఉంటుంది.

దీన్నే అభికేంద్ర బలం అంటారు. పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. బొమ్మ గీయమంటే కిందికి బరువు, చేతి వైపుకు తన్యత గీసి, పక్కనే ‘అభికేంద్ర బలం’ అని మూడో బాణం కూడా గీస్తారు. అలాంటి మూడో బలం ఏదీ లేదు. చెంబును పట్టి లాగేవి రెండే, భూమి ఒకటి, తాడు ఒకటి. మలుపుకు ఇంత లాగుడు కావాలని mv²/r చెబుతుంది. ఆ మొత్తాన్ని తాడూ భూమీ కలిసి సమకూర్చాలి.

చెంబు అడుగున ఉన్నప్పుడు చెయ్యి పైన ఉంటుంది కాబట్టి లాగుడు పైకి కావాలి. తాడు పైకే లాగుతుంది గానీ భూమి కిందికి లాగుతుంది. కాబట్టి తాడు మలుపుకు కావలసినంతా తానే ఇవ్వాలి, పైగా చెంబు బరువునూ మొయ్యాలి. అంటే తన్యత mv²/r + mg. చెంబు పైన ఉన్నప్పుడు చెయ్యి దాని కింద ఉంటుంది, లాగుడు కిందికి కావాలి. ఇప్పుడు భూమీ అదే దిక్కుకు లాగుతోంది. కావలసినదాంట్లో ఒక కిలో వాటా అదే ఇచ్చేస్తుంది, మిగిలింది తాడు ఇస్తే చాలు. తన్యత mv²/r − mg.

ఈ రెండో మాట చెప్పగానే క్లాసులో తప్పకుండా ఒకరు లేచి అడుగుతారు: “సార్, పైనున్న చెంబును కింద పడకుండా తాడు పైకి పట్టుకోవాలి కదా, మీరేమో తాడు కూడా కిందికే లాగుతుందంటారేంటి?” మంచి ప్రశ్న. తాడుకు లాగడమే తెలుసు, నెట్టడం రాదు. చెయ్యి కింద ఉంటే అది లాగేది కిందికే. చెంబును పైకి పట్టుకున్నది ఏదీ లేదు.

మరి నీళ్లు తల మీద పడవెందుకు? పడతాయి. చెంబు కూడా పడుతుంది, నీళ్ల కంటే వేగంగా. వృత్తం కొనలో చెంబు సెకనుకు 5 మీటర్ల వేగంతో అడ్డంగా పోతోందనుకుందాం. పదో వంతు సెకనులో అది అర మీటరు దూరం పోతుంది. తాడు పట్టి ఉంచిన వృత్తం మీద అంత దూరం నడిస్తే సుమారు 12 సెంటీమీటర్లు కిందికి దిగాలి. అదే పదో వంతు సెకనులో నీళ్లను వాటి మానాన వదిలేస్తే భూమి వాటిని దించగలిగేది 5 సెంటీమీటర్లు. చెంబు అడుగు భాగం ఇప్పుడు నీళ్లకు పైన ఉంది. అది నీళ్ల కన్నా త్వరగా దిగుతోంది కాబట్టి వాటిని కిందికి నెట్టుకుంటూ పోతుంది. తనను నెడుతున్న గిన్నెలోంచి నీళ్లు జారిపోయేదెలా?

వేగం తగ్గించి సెకనుకు 3.13 మీటర్లకు తెచ్చి చూడండి. పదో వంతు సెకనులో చెంబు 31 సెంటీమీటర్లు పోతుంది, వృత్తం మీద దిగేది ఇంచుమించు 5 సెంటీమీటర్లు. అంటే భూమి ఒక్కటే లాగితే ఎంత దిగుతుందో సరిగ్గా అంత. తాడు చేయాల్సిన పనేమీ మిగల్లేదు, పైన తన్యత సున్నా. మీటరు తాడుకు ఇదే చివరి హద్దు. ఇంతకంటే మెల్లగా పోతే చెంబు పై కొనదాకా వృత్తంలో నిలవదు.

పైన 3.13 ఉండాలంటే అడుగున ఎంత ఉండాలి? చెంబు అడుగు నుంచి పైకి 2 మీటర్లు ఎక్కుతుంది. ఎక్కుతున్నకొద్దీ వేగం తగ్గుతుంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలిన రాయి నేలకు చేరేసరికి ఎంత వేగం సంపాదిస్తుందో లెక్కకట్టే సూత్రమే దీనికీ పనికొస్తుంది. వేగపు వర్గంలో 2 × 9.8 × 2, అంటే 39.2 తేడా వస్తుంది. పైన వేగపు వర్గం 9.8. దానికి 39.2 కలిపితే 49. అంటే అడుగున వేగం సెకనుకు సరిగ్గా 7 మీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల పైచిలుకు. ఆ 49ని 9.8తో భాగిస్తే 5 వస్తుంది. మలుపుకు అయిదు కిలోలు, చెంబు బరువుకు ఇంకో కిలో, మొత్తం ఆరు కిలోలు. పైన సున్నా, కింద ఆరు.

కాస్త గట్టిగా, అడుగున సెకనుకు 8 మీటర్ల వేగంతో తిప్పారనుకోండి. 64ను 9.8తో భాగిస్తే 6.53, బరువు కలిపితే అడుగున 7.53 కిలోలు. పైకెళ్లేసరికి వేగపు వర్గం 64 నుంచి 24.8కి తగ్గుతుంది, వేగం దాదాపు 5 మీటర్లు. మలుపుకు 2.53 కిలోలు కావాలి, అందులో భూమి వాటా కిలో తీసేస్తే తాడుకు 1.53. తేడా మళ్లీ ఆరే.

ఇప్పుడు ఆ ఆరును విడదీద్దాం. పైనుంచి కిందికి వచ్చేసరికి వేగం పెరగడం వల్ల మలుపుకు కావలసిన లాగుడు నాలుగు కిలోలు పెరిగింది, 39.2ను 9.8తో భాగిస్తే వచ్చే నాలుగు. మిగతా రెండు బరువు దిక్కు మారడం వల్ల వచ్చాయి. పైన తాడుకు కిలో సాయం చేసిన బరువే కింద కిలో భారమవుతుంది. నాలుగూ రెండూ ఆరు. తాడు పొడవు లెక్కలోకి ఎందుకు రాదో కూడా ఇక్కడే కనిపిస్తుంది. తాడు పొడవు రెట్టింపైతే చెంబు రెట్టింపు ఎత్తు దిగుతుంది కాబట్టి వేగపు వర్గం రెట్టింపు పెరుగుతుంది. కానీ వంపు సగం మెత్తబడుతుంది. రెండూ చెల్లుకు చెల్లు.

చంద్రుడి మీద తిప్పినా తేడా ఆరు రెట్లే, కాకపోతే అక్కడి బరువుకు ఆరు రెట్లు. అక్కడ బరువు ఇక్కడి బరువులో ఆరో వంతు ఉంటుంది కాబట్టి తాడు మీద తేడా ఇంచుమించు ఒక కిలోయే తేలుతుంది.

హైగెన్స్ దారం

ఈ ఆరు రెట్ల సంగతి మొదట లెక్కగట్టి రాసినది నెదర్లాండ్స్‌కు చెందిన క్రిస్టియాన్ హైగెన్స్. కాంతి తరంగాల పాఠంలో ఆయన పేరే వస్తుంది. లోలకం గడియారం తయారు చేసినదీ ఆయనే. లోలకం అంటే దారానికి కట్టిన గుండేగా. అది ఊగుతుంటే దారం మీద ఎంత లాగుడు పడుతుందో ఆయన 1659లోనే తేల్చాడు. నిలువు వృత్తం మధ్యనుంచి వేలాడే గుండు పూర్తి చుట్టు తిరగాలంటే, దాని బరువుకు ఆరు రెట్లు మోయగల దారం ఉండి తీరాలన్నది అందులో ఒక ప్రతిపాదన. న్యూటన్ ‘ప్రిన్సిపియా’ వెలువడింది 1687లో. అంటే గతి నియమాలు ఇప్పుడు మనం చదువుకునే రూపంలో అచ్చుకాకముందే ఆయన ఈ సంగతి పట్టుకున్నాడు. ఎంత ఎత్తు దిగితే ఎంత వేగం వస్తుందో గెలీలియో అప్పటికే చెప్పి ఉన్నాడు, హైగెన్స్‌కు అది చాలింది.

1673లో పారిస్‌లో అచ్చయిన తన గడియారాల పుస్తకం చివర ఆయన ఈ ఫలితాల్లో కొన్నిటిని రుజువులు లేకుండా ఇచ్చాడు. రుజువులున్న రచన 1703లో గానీ బయటికి రాలేదు, అప్పటికి ఆయన పోయి ఎనిమిదేళ్లు. 1673 పుస్తకంలోని చివరి సిద్ధాంతం మన పనికి ఇంకా బాగా వస్తుంది, దాన్ని ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. దారాన్ని అడ్డంగా బిగువుగా పట్టుకుని గుండును వదిలేస్తే అది పావు వృత్తం దిగి అడుగుకు చేరేసరికి, ఊరికే వేలాడేటప్పటికంటే మూడు రెట్లు గట్టిగా దారాన్ని లాగుతుంది. మీటరు దిగితే వేగపు వర్గం 19.6, మలుపుకు రెండు కిలోలు, బరువుకు ఒకటి, మొత్తం మూడు.

ఇందుకు కాటా కూడా అక్కర్లేదు, నిజానికి కాటా పెట్టకపోవడమే మేలు. స్ప్రింగ్ సాగుతూ తాడు పొడవును మార్చేస్తుంది, ముల్లు కదిలేలోపే గుండు అడుగు దాటిపోతుంది. దారం తెగడమే కొలత. అర లీటరు నీళ్ల సీసాలు మూడు తీసుకోండి. బట్టలు కుట్టే నూలు దారం ఒక పోగో రెండు పోగులో కలిపి, నింపిన సీసాలు రెండింటిని ఆపి మూడోది కూడా తగిలిస్తే తెగిపోయేలా చూసుకోండి. సీసాలను కుదుపు లేకుండా మెల్లగా వేలాడదీయాలి, జారవిడిస్తే ఆ కుదుపుకే తెగి లెక్క తప్పుతుంది. ఇప్పుడు అలాంటి కొత్త దారానికి ఒకే ఒక్క సీసా కట్టి, దారం వదులు కాకుండా పక్కకు లాగి వదలండి. నిలువు నుంచి 60 డిగ్రీలు లాగి వదిలితే అడుగున పడే బిగువు రెండు సీసాల బరువే, దారం ఆగుతుంది. పూర్తిగా అడ్డంగా లాగి వదిలితే మూడు సీసాల బరువు పడుతుంది. రెండు సీసాలను నిమ్మళంగా మోసిన దారం ఒక్క సీసాకు తెగిపోతుంది.

ఎక్కడ తెగింది అన్నది గమనించండి. ముడి దగ్గరే తెగి ఉంటుంది. ముడిలో పోగులు మెలిక పడి నలుగుతాయి కాబట్టి దారం బలంలో సగం దాకా అక్కడ పోతుంది. తొలి పరీక్షలో ఏ ముడి వేశారో రెండోసారీ అదే వేయాలని చెప్పేది అందుకే. వృత్తంలో ఏ చోట తెగింది అంటే అడుగుకు చేరువలో. తన్యత అక్కడికి వచ్చేదాకా పెరుగుతూ, దాటాక తగ్గుతుంది. ఇక తెగిన సీసా ఎటు పోతుందన్నది చాలామంది తప్పుగా ఊహించే విషయం. చేతికి దూరంగా, నేలకేసి కొట్టినట్టు పోతుందనుకుంటారు. తెగిన క్షణంలో అది అడ్డంగా పోతోంది, అలాగే ముందుకు సాగుతుంది. దారం మీటరు ఉండి, సీసా నేలకు అర మీటరు ఎత్తులో తెగితే, ఇంచుమించు 1.4 మీటర్ల ముందుకు వెళ్లి పడుతుంది.

చాలని వేగం

అడుగున ఏడు మీటర్ల వేగం లేకపోతే ఏమవుతుంది? పై కొనదాకా వెళ్లి అక్కడినుంచి నిట్టనిలువుగా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. మీటరు తాడుతో అడుగున వేగం 4.43 మీటర్లకు మించకపోతే చెంబు చేతి ఎత్తు దాటదు, ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంది, తాడు ఎక్కడా వదులు కాదు. 4.43కూ 7కూ మధ్య ఉన్నప్పుడే చిక్కు.

6 మీటర్లు తీసుకుందాం. చెంబు అడుగు నుంచి లేచి, చేతి ఎత్తు దాటి, ఇంకా పైకి వంపు తిరుగుతుంటుంది. చేతికి 56 సెంటీమీటర్ల పైకి చేరేసరికి మలుపుకు కావలసినంతా భూమి లాగుడే ఇచ్చేస్తుంది, తాడు వదులవుతుంది. అక్కడ చెంబు ఇంకా సెకనుకు 2.34 మీటర్ల వేగంతో పైకి, లోపలికి పోతోంది. అంటే అది ఆగిపోదు, విసిరిన బంతిలా తన దారి పడుతుంది. మరో 19 సెంటీమీటర్లు లేచి, చేతికి 75 సెంటీమీటర్ల ఎత్తుకు చేరి, అక్కడినుంచి వాలుతుంది. వృత్తం కొన ఇంకా పావు మీటరు పైనే మిగిలి ఉంటుంది. తాడు వదులైన క్షణం నుంచి లెక్కిస్తే 0.59 సెకన్లకు చెంబు మళ్లీ చేతి ఎత్తుకు దిగుతుంది. అప్పటికి అది పక్కకు వచ్చిన దూరం కలిపి చూస్తే చేతికి 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే సరిగ్గా తిప్పేవాడి పిడికిలి మీదికి. కొత్తగా తిప్పేవాళ్ల చేతికి దెబ్బ తగిలేది, మొహం తడిసేది ఇందువల్లే. భయపడి మెల్లగా తిప్పడమే ఇక్కడ ప్రమాదం.

తాడు వదులైందని ముందే తెలుసుకోవడం ఎలా? చేతికే తెలుస్తుంది. సరిగా తిరుగుతున్నప్పుడు చెంబు పైకి వచ్చినా వేళ్లకు ఎంతో కొంత లాగుడు ఆనుతూనే ఉంటుంది. ఆ లాగుడు ఒక్క క్షణం మాయమై మళ్లీ జర్క్ ఇచ్చిందంటే తాడు వదులై బిగిసిందన్నమాట. ఆ జర్క్‌కు ఈ సూత్రాలేవీ వర్తించవు. వదులు తాడు ఒక్కసారి బిగుసుకున్నప్పుడు పడే లాగుడు తాడు సాగే గుణాన్ని బట్టి ఉంటుంది. సాగని తాడు మీద చాలా ఎక్కువ, సాగే నైలాన్ మీద తక్కువ.

ఆరు కాని చోటు

ఇప్పటిదాకా చెప్పినదంతా చెయ్యి కదలకుండా ఉండి, చెంబు తన ఊపు మీద తానే తిరిగినప్పటి మాట. చేతికి బదులు మోటారు ఉందనుకోండి. అది వస్తువును పైన, కింద, పక్కన ఒకే వేగంతో తిప్పుతుంది. మీటరు కడ్డీ చివర కిలో బరువు, సెకనుకు ఒక చుట్టు. వేగం సెకనుకు 6.28 మీటర్లు, మలుపుకు కావలసింది అంతటా 4.03 కిలోలు. అడుగున 5.03, పైన 3.03. తేడా రెండే. వేగం మారనప్పుడు ఆ నాలుగు రాదు, బరువు దిక్కు మారడం వల్ల వచ్చే రెండు మాత్రం మిగులుతుంది.

పరీక్ష రాసే పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ప్రశ్నలో ‘ఏకరీతి వేగంతో’ అనో ‘స్థిర వడితో’ అనో ఉంటే జవాబు 2mg. ఆ మాట లేకుండా, తనంత తాను తిరిగేది అయితే 6mg. ప్రశ్నలు తయారు చేసేవాళ్లు ఆ రెండు ఆప్షన్లనూ పక్కపక్కనే పెడతారు. వాళ్లను తప్పుపట్టను, సూత్రం ఎక్కడిదో తెలిసినవాడికీ బట్టీపట్టినవాడికీ తేడా తేల్చడానికి అంతకంటే సులువైన దారి లేదు. తాడుకు బదులు గట్టి కడ్డీ ఉన్నా లెక్క కొంత మారుతుంది. కడ్డీ నెట్టగలదు కూడా కాబట్టి, పైన వస్తువు వేగం సున్నా అయినా దాన్ని పట్టి నిలబెట్టగలదు. అప్పుడు అడుగున ఆరు కాదు, అయిదు రెట్లు చాలు. తేడా మాత్రం ఆరే, ఎందుకంటే పైన కడ్డీ ఒక కిలోను ఎదురు నెడుతోంది.

ఈ ఆరు రెట్లకు మనుషులు గురైన సందర్భం కూడా ఒకటుంది. తలకిందులుగా చుట్టు కొట్టే రోలర్ కోస్టర్‌లో తాడు ఉండదు, పట్టాలు తాడు పని చేస్తాయి. తాడు మీద పడే తన్యతకు బదులు సీటు మనిషిని నెట్టే బలం. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ‘ఫ్లిప్ ఫ్లాప్’ అనే రైడ్ పెట్టారు, అందులో చుట్టు గుండ్రంగా వృత్తంలాగే ఉండేది. పై కొనలో పడిపోకుండా ఉండే కనీస వేగంతో వచ్చినా, అలాంటి వృత్తంలోకి అడుగున దూరిన క్షణంలో మనిషి బరువు ఉన్నపళంగా ఆరు రెట్లు అయినట్టు ఉంటుంది. చక్రాల రాపిడిని గెలవడానికి ఇంకా వేగంగా రావాలి కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే. మెడలు పట్టేసేవని ఆ రైడ్‌కు చెడ్డపేరు వచ్చింది.

దీనికి విరుగుడు వేగం తగ్గించడంలో లేదు, తగ్గిస్తే పైన పడిపోతారు. విరుగుడు r లో ఉంది. అడుగున వేగం ఎక్కువ కాబట్టి అక్కడ వంపును పెద్దదిగా, పైన వేగం తక్కువ కాబట్టి అక్కడ వంపును చిన్నదిగా చేయాలి. అదే వేగంతో అడుగున వ్యాసార్ధం మూడింతలు చేస్తే మలుపుకు కావలసిన అయిదు రెట్లు 1.67కు పడిపోతుంది. బరువు కలిపినా మొత్తం 2.67 రెట్లే. జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ చేసినది ఇదే. 1976లో కాలిఫోర్నియాలో మొదలైన ‘రెవల్యూషన్’ రైడ్‌లో చుట్టు వృత్తంలా కాక నీటి బొట్టులా, పైన సన్నగా కింద వెడల్పుగా ఉంటుంది. ఇప్పటి అమ్యూజ్‌మెంట్ పార్కుల్లో తలకిందుల చుట్టు ఎక్కడ కనిపించినా దాన్ని పక్కనుంచి చూడండి, గుండ్రంగా ఉండదు.

చెంబు దగ్గరికే వస్తే, పిల్లలతో ఇది చేయించాలనుకునేవారికి ఒక మాట. కిలో బరువుకు కనీసం ఆరు కిలోలు మోసే తాడు కావాలన్నది పుస్తకం లెక్క. ముడి దగ్గర సగం బలం పోతుంది, చెయ్యి వేగం హద్దు దగ్గరే ఆగదు. కాబట్టి ఇరవై కిలోలు తగ్గకుండా మోసే తాడు తీసుకోండి, స్టీలు చెంబుకు బదులు ప్లాస్టిక్ మగ్గు కట్టండి. తాడు తెగితే అది వృత్తం తిరుగుతున్న తలంలోనే ముందుకో, వెనక్కో, పైకో పోతుంది తప్ప పక్కకు రాదు. చూసేవాళ్లను తిప్పేవాడి ఎదురుగా, వెనకగా కాకుండా, తిరిగే వృత్తం పూర్తిగా కనబడేలా పక్కన, నాలుగడుగులు దూరంగా నిలబెట్టండి.